దుమ్ము మెరవాలి, షూ కనబడాలి

స్పోర్ట్స్ షూ ప్రకటన తీసే ముందు యూనిట్ చేతికి ఒక కాగితం వస్తుంది. ఫ్రేములో ఏమేం ఉండాలో చెప్పే దృశ్య వివరణ అది. చాలాసార్లు అందులో రాసేది ఇంతే: "అథ్లెట్ వేగంగా పరుగెత్తుతున్నాడు. వెనక నుంచి వెలుగు. చుట్టూ ఎగిరే దుమ్ము. చూపు షూ మీదే నిలవాలి." చదివితే బొమ్మ కళ్లముందు కదిలినట్టే ఉంటుంది. తీయబోతే మాత్రం చిక్కు బయటపడుతుంది. వెలుగు వెనక నుంచి పడితే దుమ్ము మెరుస్తుంది, కెమెరా వైపున్న షూ నల్లబడిపోతుంది. వెలుగు ముందు నుంచి పడితే షూ చక్కగా కనబడుతుంది, దుమ్ము మాయమవుతుంది. అమ్మాల్సింది షూని. చూసేవాడి కన్ను ఆగేది దుమ్ము దగ్గర. రెండూ ఒకే ఫ్రేములో ఎలా దక్కుతాయో చెప్పేదే పనికొచ్చే దృశ్య వివరణ.

ముందు దుమ్ము సంగతి చూద్దాం. పెంకుటింట్లో పెంకుల సందులోంచి ఎండ జారినప్పుడు ఆ వెలుగు దారిలో రేణువులు తేలుతూ కనిపించడం మనలో చాలామందికి తెలుసు. ఎండ మనకు ఎదురుగా దిగుతుంటే అవి మిలమిలలాడతాయి. మనం అటువైపు వెళ్లి, ఎండను వీపు వెనక పెట్టుకుని చూస్తే దాదాపు కనబడవు. కారణం కాంతి నడకలోనే ఉంది. దుమ్ము రేణువు కాంతి తరంగం కంటే చాలా పెద్దది. అలాంటి రేణువును తాకి చెదిరే కాంతిలో ఎక్కువ భాగం వెనక్కి తిరగదు, తను వచ్చిన దారికి కాస్త అటూ ఇటూగా ముందుకే సాగుతుంది. కాబట్టి దీపం దుమ్ముకు అవతల, కెమెరా ఇవతల ఉంటేనే ఆ కాంతి లెన్సుకు చేరుతుంది.

దీనికి ఇంకో షరతు కూడా ఉంది. దుమ్ము వెనక ఉన్న చోటు చీకటిగా ఉండాలి. తెల్లటి ఆకాశం ముందు ఎంత దుమ్ము లేపినా మసక తప్ప మెరుపు రాదు. కొండ నీడో, చెట్ల గుంపో, స్టూడియోలో నల్లగుడ్డో వెనక ఉంటే అదే దుమ్ము నిప్పురవ్వల్లా కనిపిస్తుంది. "వెనక నుంచి వెలుగు" అని రాసి "వెనక నేపథ్యం చీకటి" అని రాయకపోతే సగం మాటే చెప్పినట్టు.

ఇక నల్లబడే షూ. బాస్కెట్‌బాల్ షూల చరిత్రలో పేరుమోసిన ఒక భంగిమకు మూలమని చెప్పుకునే ఫొటోలోనే దీనికి జవాబు ఉంది. 1984 ఒలింపిక్స్ సందర్భంగా లైఫ్ పత్రిక కోసం కో రెంట్‌మీస్టర్ అనే ఫొటోగ్రాఫర్ మైఖేల్ జోర్డాన్‌ని తీశాడు. జోర్డాన్ అప్పటికి నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం కుర్రాడు. కోర్టులో కాదు, ఒక పచ్చికగట్టు మీద, ఆకాశం నేపథ్యంగా తీశారు. ఫ్రేము కింది కుడిమూల నుంచి సూర్యుడు నేరుగా లెన్సులోకే కొడుతున్నాడు. మామూలుగా అయితే జోర్డాన్ ఒట్టి నల్లటి నీడగా మిగలాలి. రెంట్‌మీస్టర్ శక్తిమంతమైన ఫ్లాష్ దీపాలు వాడాడు కాబట్టి, సూర్యుడు ఎదురుగా ఉన్నా మనిషి స్పష్టంగా తేలాడు. సూత్రం ఇప్పటికీ అదే. వెనక దీపం వెనకే ఉంటుంది, ముందు నుంచి ఇంకో వెలుగు దానికి జత కావాలి.

అయితే ఆ ముందు వెలుగు ఎంత? ఇక్కడే చాలామంది తడబడతారు. రెండూ సమానమైతే దుమ్ము మెరుపు చచ్చిపోతుంది, బొమ్మ చప్పబడుతుంది. వెనక వెలుగులో నాలుగో వంతు ముందు నుంచి ఇవ్వడం మొదలుపెట్టడానికి మంచి పాళ్లు. దీనికి పెద్ద దీపమే అక్కర్లేదు. మన సినిమా యూనిట్లలో వాడే తెల్ల థర్మాకోల్ పలకను షూకి దగ్గరగా, నేలకు ఆనించి, ఫ్రేముకు బయట నిలబెడితే వెనక వెలుగే దానికి తగిలి షూ మీదికి మెత్తగా తిరిగొస్తుంది. వెనక దీపం నేరుగా లెన్సులో పడకుండా నల్ల కట్టర్ అడ్డుపెట్టాలి. లేకపోతే ఫ్రేమంతా పాలిపోయి, షూ నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది.

భంగిమ విషయానికొస్తే జోర్డాన్ ఫొటో ఇంకొకటి చెబుతుంది. అందులో ఆయన ఎగిరిన తీరు ఆటలో ఎగిరే తీరు కాదు. బ్యాలే నర్తకులు కాళ్లు బారచాచి గాల్లోకి లేచే గెంతు అది. ఫొటోగ్రాఫర్ దగ్గరుండి చెప్పి, ఆయన చేత చేయించాడు. తర్వాత నైకీ సంస్థ షికాగో నగరం నేపథ్యంగా అలాంటి భంగిమలోనే జోర్డాన్‌ని తీయించుకుంది. ఆ ఆకారమే తర్వాత జంప్‌మ్యాన్ గుర్తు అయింది. రెంట్‌మీస్టర్ 2015లో దావా వేశాడు. 2018లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు నైకీ పక్షాన తీర్పు చెప్పింది. ఒట్టి భంగిమ మీద ఎవరికీ కాపీహక్కు ఉండదని, ఎక్కడ నిలబెట్టారు, ఏ కోణంలో, ఏ వెలుగులో తీశారు అనే ఎంపికలన్నీ కలిసిన ఫొటోకే రక్షణ అని ఆ తీర్పు సారాంశం. దృశ్య వివరణ రాసేవాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే మాట. "చురుకైన భంగిమ" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఏ కాలు, ఏ క్షణం, కెమెరా ఎక్కడ అన్నవి రాయాలి.

పరుగు షూనే తీసుకుని ఇవన్నీ తేల్చుకుందాం. మనిషి ఫ్రేములో ఎడమ నుంచి కుడికి పరుగెత్తితే కెమెరాకు అతని కుడిపక్క కనబడుతుంది. దగ్గరున్న కుడికాలి షూ బయటివైపు మనకు కనిపిస్తుంది, దూరంగా ఉన్న ఎడమకాలి షూ లోపలివైపు. కంపెనీ గుర్తు స్పష్టంగా చూపాలంటే నాయకత్వం కుడికాలిదే. ఆ కాలు ఏ క్షణంలో ఉండాలి? మడమ నేలకు తాకే క్షణంలో షూ కొత్తగా చెప్పేదేమీ లేదు. మడమ లేచి, మునివేళ్లు మాత్రం నేలను వెనక్కి తన్నుతున్న క్షణంలో సోల్ వంగుతుంది, షూ బిగువు కనిపిస్తుంది. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటి. గాల్లో ముందుకు ఊగే పాదం, పరుగెత్తే మనిషి వేగానికి రెట్టింపు దాకా పోతుంది. మనిషి సెకనుకు 5 మీటర్లు పోతుంటే పాదం 10 మీటర్ల దాకా అందుకుంటుంది. సెకనులో వెయ్యో వంతులో కూడా అది సెంటీమీటరు జరిగి, లేసులు అలికినట్టవుతాయి. నేలను తన్నే క్షణంలో మునివేళ్లు దాదాపు కదలకుండా ఉంటాయి. దుమ్ము సరిగ్గా ఆ తన్నుతోనే, పాదం వెనక నుంచే లేస్తుంది. అంటే షూ నిలకడగా, దుమ్ము ఉరకలుగా దొరికే చోటు అదొక్కటే.

కదలికను ఆపే పని స్టూడియోలో షట్టర్‌ది కాదు, ఫ్లాష్‌ది. 1930లలో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ తన మెరుపు దీపాలతో చూపించింది ఇదే: గది చీకటిగా ఉంటే, వెలుగు ఎంతసేపు వెలిగితే ఫొటో అంతసేపటిదే. చాలా ఫ్లాష్‌లు శక్తి తగ్గించిన కొద్దీ తక్కువసేపు వెలుగుతాయి. అందుకే ఒక దీపాన్ని పూర్తిగా వాడేకన్నా రెండు మూడు దీపాలను తక్కువ శక్తిలో పెట్టడం మేలు. సెకనులో ఎనిమిదివేలో వంతు మెరుపు దొరికితే, ఊగే పాదం కూడా మిల్లీమీటరుకు కాస్త ఎక్కువే జరుగుతుంది.

దుమ్ములోనూ రకాలు ఎంచుకోవాలి. మెత్తటి పొడి గాల్లో తేలుతుంది, ముతక ఇసుక రేణువు వెంటనే నేలకు పడుతుంది. ఒట్టి పొడి వేస్తే పొగమంచులా ఉంటుంది, ఒట్టి ఇసుక వేస్తే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. రెండూ కలిపితేనే మబ్బూ రవ్వలూ కలిసి వస్తాయి. ప్రతి టేకు తర్వాత పొడి దిగేదాకా ఆగడం తప్పదు. ఆగకపోతే పాత దుమ్ము గాల్లోనే తేలుతూ చీకటి నేపథ్యాన్ని బూడిదగా మార్చేస్తుంది. ఐదో టేకు మొదటిదానికంటే పేలవంగా కనిపిస్తే అనుమానించాల్సింది దీపాన్ని కాదు, ఈ మిగులు దుమ్మునే.

ఇప్పుడు మొదట్లో చూసిన ఆ నాలుగు వాక్యాలను తిరగరాస్తే ఇలా ఉంటుంది: "సూర్యాస్తమయానికి ముందు గంట. ఎర్రమట్టి బాట, వెనక నీడలో ఉన్న గుట్ట. అథ్లెట్ ఎడమ నుంచి కుడికి పరుగు. కెమెరా నేలకు జానెడు ఎత్తులో. కుడికాలి మడమ లేచింది, మునివేళ్లు నేలను వదిలే క్షణం, షూ బయటివైపు పూర్తిగా కనపడాలి. సూర్యుడు అథ్లెట్ వెనక, ఫ్రేముకు బయట కుడివైపున, వాలుగా. కెమెరా పక్కన తెల్ల పలక, వెనక వెలుగులో నాలుగో వంతు. దుమ్ము షూ వెనకకు, ఎడమవైపుకు, మోకాలి ఎత్తు మించకుండా. షూకీ కెమెరాకీ మధ్య దుమ్ము ఉండకూడదు." ఇందులో అలంకారం ఒక్కటీ లేదు. అయినా చదివిన ప్రతి ఒక్కరికీ ఒకే బొమ్మ కనిపిస్తుంది.

అంతా ఒకే క్లిక్కులో రాదు. కెమెరాను కదలకుండా స్టాండు మీద బిగించి, షూని శుభ్రంగా ఒకసారి, దుమ్మును నల్ల నేపథ్యం మీద మరోసారి తీసి, కంప్యూటరులో కలపడం మామూలే. ఫొటోషాప్‌లో Screen అనే పద్ధతి నలుపును వదిలేసి వెలుగును మాత్రమే కలుపుతుంది కాబట్టి ఇది సులువు. తప్పులు దొర్లేదీ ఇక్కడే. షూ అంచు కుడివైపు మెరుస్తుంటే దుమ్ము ఎడమవైపు మెరుస్తుంది. పాదం ఇంకా నేలను తాకకముందే దుమ్ము లేచి ఉంటుంది. దగ్గరి రేణువూ దూరపు రేణువూ ఒకే పదునుతో ఉంటాయి. చూసేవాళ్లు కారణం చెప్పలేకపోయినా అది అతుకని పసిగడతారు. దుమ్మును కూడా అదే దీపం, అదే కోణంలో తీయడం ఒక్కటే దీనికి మందు.

చివరిగా, పెళ్లికి ముందు ఫొటోలు, రీల్స్ తీసే కుర్రాళ్లు కూడా ఇప్పుడీ దుమ్ము మెరుపు కోసం పొడులు ఎగరేస్తున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మైదాపిండి, మొక్కజొన్న పిండితో చేసిన రంగుల పొడి గాల్లో మబ్బులా లేచాక నిప్పు తగిలితే భగ్గుమంటాయి. 2015 జూన్ 27న తైవాన్‌లోని ఒక వాటర్ పార్కులో రంగుల వేడుకలో అలాంటి పొడే అంటుకుని 15 మంది చనిపోయారు, దాదాపు 500 మంది కాలిన గాయాల పాలయ్యారు. సినిమావాళ్లు ఏళ్లుగా వాడే ముల్తానీ మట్టి మండదు, దాన్నే వాడండి. అది కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. పొడి ఎగరేసేవాళ్లకు, దీపాలు పట్టేవాళ్లకు మాస్కులు ఇవ్వండి, పరుగెత్తే మనిషికి ప్రతి టేకు మధ్యా బయటి గాలి తగలనివ్వండి.