అక్క పెళ్ళికి రమ్మని మిత్రుడికి ఉత్తరం

తెలుగు పరీక్షలో లేఖారచన కింద తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది: మీ అక్క వివాహానికి ఆహ్వానిస్తూ మిత్రుడికి లేఖ రాయండి. తేలికైన ప్రశ్నే. పెళ్ళి చూడని విద్యార్థి ఉండడు, మిత్రుడు లేనివాడూ ఉండడు. అయినా జవాబు పత్రాల్లో ఉత్తరం ఉండాల్సిన చోట చాలాసార్లు శుభలేఖ దర్శనమిస్తుంది. "బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసి, నూతన వధూవరులను ఆశీర్వదించి, మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి..." అంటూ ఇంట్లో బీరువా మీద ఉన్న కార్డులోని వాక్యాలు వరుసగా దిగిపోతాయి.

ఆ వాక్యాల్లో భాషాదోషమేమీ లేదు. దోషమంతా వాటిని ఎవరు ఎవరితో అంటున్నారన్న దగ్గరే ఉంది. శుభలేఖలో పిలిచేది పెళ్ళికూతురి తల్లిదండ్రులు. మదర్పిత అంటే నేను సమర్పించే అని అర్థం. తాంబూలం ఇచ్చే పెద్దరికం వాళ్ళది. పదో తరగతి పిల్లవాడు తన ఈడువాడికి చందన తాంబూలాలు సమర్పించడు. ఇక ఆశీర్వదించడం పెద్దలు చేసే పని. పదిహేనేళ్ళ కుర్రాడు వచ్చి మిత్రుడి అక్కకు అక్షింతలు వేస్తాడు, ఫొటోకి నిలబడతాడు, అంతే. దీవెన కోసం అతన్ని పిలవరు. పత్రం దిద్దేవారికి ఈ తేడా మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

కాబట్టి ఈ ఉత్తరానికి స్వరం ఎక్కడ దొరుకుతుందో చూడాలంటే ఒక ప్రశ్న వేసుకుంటే చాలు. ఇంటిల్లిపాదికీ వెళ్ళే శుభలేఖ ఎలాగూ వెళుతుండగా, ఈ పిల్లవాడు విడిగా ఉత్తరం ఎందుకు రాస్తున్నాడు? కార్డులో పట్టని మాటలు ఉన్నాయి గనుక. ఎప్పుడు రావాలి, ఎక్కడ దిగాలి, వచ్చాక ఇద్దరూ కలిసి ఏం చేస్తారు, అక్క అతని గురించి ఏమంది, ఇవన్నీ కార్డులో ఉండవు. ఉత్తరంలో ఉండాల్సినవి అవే.

ఉత్తరం రూపురేఖలు అందరికీ తెలిసినవే. పైన కుడివైపు ఊరు, తేది. ఎడమవైపు సంబోధన. తర్వాత విషయం. చివర కుడివైపు ఇట్లు అని సంతకం. అడుగున ఎడమవైపు గడిలో చిరునామా. సంబోధన దగ్గరే ఒక చిన్న తప్పు జరుగుతుంటుంది. "ప్రియమైన మిత్రుడు శ్రీను" అని ఆపేస్తే అది పిలుపూ కాదు, చేర్చే మాటా కాదు. "ప్రియమైన శ్రీనుకి" అనో "ప్రియ మిత్రమా" అనో ఉండాలి. అధికారులకు రాసే ఉత్తరాల్లోని "అయ్యా" గానీ, "విషయం" అన్న శీర్షిక గానీ ఇక్కడ పనికిరావు. ముగింపులో "తమ విధేయుడు" అని రాస్తే మిత్రుడు కాస్తా ప్రధానోపాధ్యాయుడైపోతాడు. "నీ మిత్రుడు", "నీ స్నేహితురాలు" అన్నవే సరైనవి.

మొదటి వాక్యంగా క్షేమ సమాచారం రాయడం తెలుగు ఉత్తరాల్లో పాత మర్యాద. ఉభయకుశలోపరి అన్న మాట అక్కడిదే. ఇరువైపులా కుశలమే, ఆపైన సంగతి ఏమంటే అని దాని భావం. ఒకప్పటి పోస్టుకార్డుల్లో ఆ ఒక్క మాటతో పలకరింపు ముగిసి అసలు సంగతి మొదలయ్యేది. ఇప్పుడు పిల్లలు దాన్ని రాస్తే తాతగారి ఉత్తరంలా వినిపిస్తుంది. "మేమంతా బాగున్నాం, మీరంతా బాగున్నారని తలుస్తాను" అంటే సరిపోతుంది. దీన్ని రెండు వాక్యాలకు మించి సాగదీస్తే ఉత్తరంలో సగం పలకరింపుకే పోతుంది.

స్వరమంతా క్రియాపదాల మీద నిలబడుతుంది. వచ్చు అన్న ఒక్క క్రియనే తీసుకుంటే, "రావలసిందిగా కోరుతున్నాను" అన్నది అర్జీ మాట, "రాగలరని ప్రార్థన" అన్నది శుభలేఖ మాట. "వచ్చెయ్‌రా" అన్నది వీధిలో మాట, మిత్రుల మధ్య సహజమే అయినా పరీక్ష కాగితం మీద అది ఒక మెట్టు దిగిపోతుంది. ఈ రెండు కొసల మధ్య "నువ్వు తప్పకుండా రావాలి", "నువ్వు రాకపోతే ఊరుకోను" అన్నవి ఉన్నాయి. మాట్లాడినట్టే ఉంటాయి, రాతకూ తగి ఉంటాయి. పరీక్షలో కోరేది ఈ శిష్ట వ్యావహారికాన్నే. ఒరేయ్, అదిరిపోద్ది, మస్తుంటది లాంటివి నోట అందంగా ఉన్నా ఇక్కడ వదిలేయడమే మేలు.

నువ్వు అన్నా నీవు అన్నా తప్పులేదు. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా పోవాలి. ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. "నువ్వు ఎలా ఉన్నావు" అని మొదలుపెట్టి, పెళ్ళి మాట వచ్చేసరికి "మీరు తప్పక విచ్చేయగలరు" అని ముగిస్తారు. పెళ్ళి అనగానే కార్డు భాష చేతిలోకి వచ్చేస్తుంది మరి. రాయడం అయ్యాక వాక్యాల చివరి క్రియలను మాత్రమే ఒకసారి చదువుకుంటే ఈ పొరపాటు కంటపడుతుంది.

మిత్రుడిని ఏకవచనంలో పిలిచినా అతని ఇంటివాళ్ళకు మర్యాద తగ్గకూడదు. మీ అమ్మగారు, నాన్నగారు, మామ్మగారు అనాలి. కాబోయే బావగారు కూడా ఈ వరుసలోకే వస్తారు, "బావగారు బ్యాంకులో పనిచేస్తున్నారు" అన్నట్టు. సొంత అక్క మాత్రం "అక్క చెప్పింది" అన్న చనువులోనే ఉంటుంది. ఒకే ఉత్తరంలో ఈ మూడు దూరాలూ తడబడకుండా నడిస్తే భాష చేతిలో ఉందని దిద్దేవారికి తెలుస్తుంది.

మరో సున్నితమైన సంగతి ఉంది. మిత్రుడి తల్లిదండ్రులను పెళ్ళికి పిలిచే అధికారం పిల్లవాడికి లేదు. పెద్దలను పెద్దలే పిలవాలి, దగ్గరివాళ్ళయితే ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తారు, దూరమైతే కార్డు పంపి ఫోన్ చేస్తారు. "మీ అమ్మానాన్నలను కూడా తీసుకురా" అని పిల్లవాడు రాసేస్తే పిలుపు తేలికైపోతుంది. ఆ పిలుపు తన పెద్దల నుంచి వస్తోందని చెబితే అన్నీ సర్దుకుంటాయి. మిత్రుడు ఒంటరిగా ముందే రావాలంటే ఇంట్లో అనుమతి కావాలి గనుక ఈ మాట అతనికీ ఉపయోగపడుతుంది.

ఇదంతా కలిసి ఒక ఉత్తరంగా ఎలా ఉంటుందో చూడవచ్చు. రాసేవాడిది తెనాలి. శ్రీను ఎనిమిదో తరగతి దాకా అతనితో చదివి, తండ్రికి బదిలీ కావడంతో హనుమకొండ వెళ్ళిపోయాడు.

తెనాలి,
24-3-2025.

ప్రియమైన శ్రీనుకి,

మేమంతా బాగున్నాం. నువ్వూ, మీ ఇంట్లోవాళ్ళూ బాగున్నారని తలుస్తాను. పరీక్షల హడావిడిలో ఉంటావని తెలుసు, అయినా ఈ సంగతి నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా అక్కకి పెళ్ళి కుదిరింది. ఏప్రిల్ 30, బుధవారం రాత్రి 9 గంటల 25 నిమిషాలకు ముహూర్తం. పెళ్ళి మా ఇంటి ముందు పందిట్లోనే. బావగారిది గుంటూరు, బ్యాంకులో పనిచేస్తున్నారు. ఆయనకు క్రికెట్ అంటే ప్రాణమట, కాబట్టి నీకు వెంటనే నచ్చేస్తారు.

నువ్వు పెళ్ళిరోజుకి వస్తే కుదరదు. 28న అక్కని పెళ్ళికూతురిని చేస్తారు. 27, ఆదివారానికే వచ్చెయ్యాలి. అప్పటికి మనకి సెలవులే కదా. మామిడాకులు కోసుకొచ్చి తోరణాలు కట్టే పని, బంతిలో మంచినీళ్ళు అందించే పని మనిద్దరికీ అప్పగించమని నాన్నని ముందే అడిగాను. మనకి లెక్కలు చెప్పి చెప్పి విసిగిపోయిన అక్క, "శ్రీను రాకపోతే నేను పీటల మీద కూర్చోను" అంటోంది.

మా నాన్న మీ నాన్నగారికి శుభలేఖ పంపి, ఫోన్ కూడా చేస్తారు. వాళ్ళకి సెలవు దొరక్క ఆలస్యమైనా నిన్ను మాత్రం ముందే పంపమని అడగమన్నాను. వరంగల్‌లో రైలెక్కితే నేరుగా తెనాలిలో దిగవచ్చు. ఏ రైలుకి వస్తున్నావో రాస్తే స్టేషనుకి వస్తాను.

మీ అమ్మగారికి, నాన్నగారికి నా నమస్కారాలు. చెల్లిని అడిగానని చెప్పు. నీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
నీ మిత్రుడు,
క.ఖ.గ.

ఈ ఉత్తరంలో "ఆహ్వానిస్తున్నాను" అన్న మాట ఒక్కసారి కూడా లేదు. అయినా పిలుపు స్పష్టంగా ఉంది. ప్రశ్నలోని మాట కనబడితే బాగుంటుందనుకునే విద్యార్థి "మా అక్క పెళ్ళికి నిన్ను మనసారా ఆహ్వానిస్తున్నాను" అని ఒక వాక్యం చేర్చుకోవచ్చు, నష్టం లేదు. అలాగే పెళ్ళి తంతునంతా వర్ణించలేదు. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు అని వరుస పెడితే అది వివాహ వ్యాసమవుతుంది. మిత్రుడికి కావలసింది రోజు, సమయం, చోటు, దారి. మిగిలిన చోటంతా వాళ్ళిద్దరిది. లెక్కలు చెప్పిన అక్క, క్రికెట్ ఇష్టమైన బావగారు, బంతిలో మంచినీళ్ళు లాంటి రెండు మూడు వివరాలతోనే ఉత్తరం శ్రీనుది అవుతుంది, వేరెవరికీ పంపడానికి పనికిరాకుండా పోతుంది.

తేదీల దగ్గర కొంచెం లెక్క చూసుకోవాలి. ఉత్తరం పెళ్ళికి నాలుగైదు వారాల ముందు రాసినట్టుంటే మిత్రుడికి జవాబిచ్చే వ్యవధి ఉంటుంది. కంగారులో పెళ్ళి అయిపోయాక ఉత్తరం రాసినట్టు తేది వేసినవాళ్ళూ ఉన్నారు. వారం, తేది సరిపోవాలి. 2025లో ఏప్రిల్ 30 బుధవారమే. వారం గుర్తులేకపోతే తేది ఒక్కటే రాయడం మంచిది. తెలుగు నెల పేరు చెప్పాలనిపిస్తే మరీ జాగ్రత్త అవసరం. ఆషాఢంలోనో పుష్యమాసంలోనో ముహూర్తం పెట్టిన జవాబు చదివితే పంచాంగం తెలిసిన మాస్టారు నవ్వుకోకుండా ఉండరు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం అందరూ పెళ్ళిళ్ళు చేసే నెలలు. పెళ్ళి ఏ మతం పద్ధతిలో జరిగేదైనా, నిఖా అయినా చర్చిలో పెళ్ళి అయినా, ఇంట్లో వాడే మాటలనే వాడుకోవచ్చు. ముహూర్తం అన్న మాట తప్పనిసరేమీ కాదు.

ఇక సంతకం, చిరునామా. పరీక్ష కాగితం మీద సొంత పేరు, బడి పేరు బయటపడకూడదు గనుక ప్రశ్నలో పేరు ఇవ్వకపోతే క.ఖ.గ. అని వేయడం అలవాటు. చిరునామాలో మిత్రుడి పేరుకు ముందు చి. అని పెట్టకూడదు. చిరంజీవి అన్నది పెద్దలు చిన్నవాళ్ళకు వాడే మాట, సమవయస్కుడికి చెల్లదు. పేరు, దాని కింద తండ్రి పేరుకు "శ్రీ", "గారు" చేర్చి కేరాఫ్, ఇంటి నంబరు, వీధి, ఊరు, చివర ఆరంకెల పిన్‌కోడ్. ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళన్నిటికీ అది 5తోనే మొదలవుతుంది. హనుమకొండకైతే 506001.