మొత్తం సరిపోయింది, వరుస తప్పింది

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. స్నానపు సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు 18 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. బట్టలు ఉతికే డిటర్జెంట్ పొడి మాత్రం 18 దగ్గరే ఉండిపోయింది. అంటే ఈ సరుకులన్నీ అమ్మే హోల్‌సేల్ దుకాణంలో, ఒకే నెలలో, ఒకే సబ్బు రెండు రేట్లతో బిల్లులకెక్కింది. నెలవారీగా, రేటువారీగా పన్ను పట్టిక వేయడం ఎంత పనికొస్తుందో ఆ ఒక్క నెల లెక్క చూస్తే తెలుస్తుంది.

ముందు రిజిస్టరు సంగతి. ఒక బిల్లుకు ఒక వరుస చాలదు. ఒకే బిల్లులో సబ్బులూ డిటర్జెంటూ ఉంటే, రేటుకో వరుస చొప్పున రెండు వరుసలు రాయాలి. ఒక్కో వరుసలో తేదీ, బిల్లు నంబరు, పన్ను కలపకముందు విలువ, రేటు, పన్ను ఉండాలి. ఇవి వరుసగా A నుంచి E వరకు కాలమ్‌లలో ఉన్నాయనుకుందాం. సెప్టెంబరులో 18 శాతం సరుకు విలువ కావాలంటే సూత్రం ఇది:

```
=SUMIFS(C:C, D:D, 18, A:A, ">="&DATE(2025,9,1), A:A, "<"&DATE(2025,10,1))
```

మొదటి C:C బదులు E:E పెడితే పన్ను వస్తుంది. రేటు గడిలో ఉన్నది 18% అయితే సూత్రంలో కూడా 18% అనే రాయాలి. షీటు దృష్టిలో 18 వేరు, 18% వేరు. పైవట్ టేబుల్‌తోనూ ఇదే పట్టిక వస్తుంది. అయితే అందులో నెలతోపాటు సంవత్సరాన్ని కూడా ఎంచుకోవాలి. లేకపోతే రెండేళ్ల సెప్టెంబర్లు ఒకే గడిలో కలిసిపోతాయి.

ఇప్పుడు ఒక ఊహా లెక్క చూద్దాం. సెప్టెంబరులో 18 శాతం వరుసలో విలువ 2,40,000, పన్ను 42,810 రూపాయలు వచ్చాయి. 5 శాతం వరుసలో విలువ 1,60,000, పన్ను 8,000. మొత్తం విలువ 4,00,000, మొత్తం పన్ను 50,810. రిజిస్టరు అడుగున ఉన్న మొత్తాలూ ఇవే. చాలామంది ఇక్కడితో తృప్తిపడి ఫైలు మూసేస్తారు.

కానీ ప్రతి వరుసనూ విడిగా గుణించి చూడాలి. 1,60,000కు 5 శాతం 8,000, బాగానే ఉంది. 2,40,000కు 18 శాతం 43,200 రావాలి. పట్టికలో ఉన్నది 42,810. అంటే 390 తక్కువ. బిల్లుల్లో పైసలు సర్దడం వల్ల రూపాయో రెండో తేడా వస్తుంది గానీ ఇంత రాదు. ఈ 390ని రెండు రేట్ల తేడాతో, అంటే 13 శాతంతో భాగిస్తే సరిగ్గా 3,000 వస్తుంది. అంటే 3,000 రూపాయల సరుకు మీద పన్ను 5 శాతమే వేసి, రేటు గడిలో మాత్రం 18 ఉంచేశారన్నమాట. 22వ తేదీ తర్వాతి 18 శాతం వరుసల్లో ఆ విలువ కోసం వెతికితే, 150 రూపాయల పన్నుతో ఒక సబ్బుల బిల్లు దొరుకుతుంది. రేటును 5గా దిద్దగానే పై వరుస 2,37,000కు 42,660గానూ, కింది వరుస 1,63,000కు 8,150గానూ మారి, రెండూ గుణకారానికి నిలుస్తాయి. తప్పు ఒకే బిల్లుది కాకపోతే ఆ 3,000 నాలుగైదు వరుసల్లో చెదిరి ఉంటుంది. అప్పుడు ఒక్కో వరుసలో పన్నును విలువతో భాగించి చూడక తప్పదు.

దిద్దిన తర్వాత కూడా మొత్తం పన్ను 50,810 దగ్గరే ఉంది. మొత్తాన్ని చూసి ఈ తప్పును ఎప్పటికీ పట్టుకోలేం. జీఎస్టీఆర్-3బీలో అమ్మకాల పన్నును రేట్లుగా విడదీయకుండా కలిపి చూపిస్తాం కాబట్టి అక్కడా బయటపడదు. జీఎస్టీఆర్-1లో మాత్రం రేటువారీగా రాయాలి. అందుకే ఈ గుణకారం రిటర్ను వేశాక కాదు, వేయకముందే చేసుకోవాలి.

తేదీల తప్పు తీరు వేరు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చిన తేదీలను షీటు అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు వెనక చదివిందంటే, సెప్టెంబరు 3 కాస్తా మార్చి 9 అయిపోతుంది. 13వ తేదీ నుంచి అలా చదవడం కుదరదు గనుక అవి ఉత్త అక్షరాలుగా మిగిలిపోయి, ఏ నెల కిందా లెక్కకు రావు. ఈసారి పట్టిక మొత్తమే రిజిస్టరు మొత్తం కన్నా తగ్గుతుంది. దాన్నిబట్టే తప్పు తెలుస్తుంది. గడిలో ఎడమవైపుకు అంటుకున్న తేదీలను అనుమానించాలి. `=ISNUMBER(A2)` అని అడిగితే FALSE వచ్చినవన్నీ దిద్దాల్సినవే.

ఇక వాపసులు. సెప్టెంబరు 15న 18 శాతానికి అమ్మిన 2,000 రూపాయల సబ్బులు అక్టోబరులో తిరిగొచ్చాయనుకోండి. అప్పటికి సబ్బు రేటు 5 శాతమే అయినా, క్రెడిట్ నోటు పాత బిల్లు రేటుకే రాయాలి. కాబట్టి తగ్గించాల్సిన పన్ను 100 కాదు, 360. అది అక్టోబరు పట్టికలో 18 శాతం వరుసలోనే మైనస్‌గా పడాలి. పొరపాటున 5 శాతం వరుసలో పడితే, ఆ వరుస గుణకారంలో 260 తేడా చూపిస్తుంది. దాన్ని 13 శాతంతో భాగిస్తే మళ్లీ ఆ 2,000 బయటికొస్తుంది.