పీకొద్దు, నానబెట్టండి

పదేళ్ల పాప నడినెత్తిన పొలుసులు పొరలు పొరలుగా పేరుకుని జుట్టును పాయలుగా అతికించేశాయనుకోండి. చుండ్రయితే దులిపితే రాలుతుంది. ఇది వెంట్రుకల మొదళ్లను తొడుగులా పట్టేసి, దువ్వినా కదలదు. పిటిరియాసిస్ ఏమియాంటేసియా అంటారు దీన్ని. దీని వెనక ఎక్కువగా సోరియాసిస్ గానీ సెబోరిక్ డెర్మటైటిస్ గానీ ఉంటుంది. పిల్లల్లో ఒక్కోసారి ఫంగస్.

గోటితో పెళ్లగిస్తే పొలుసుతోపాటు వెంట్రుకలూ ఊడొస్తాయి. అందుకే దయచేసి తొందరపడకండి. రాత్రి గోరువెచ్చని కొబ్బరినూనెను పాయలు విడదీసి, మాడుకు అందేలా వేలితో అద్దండి. పొద్దున షాంపూతో కడిగి, వెడల్పు పళ్ల దువ్వెనతో వదులైనంత మాత్రమే తీయండి. మిగిలింది మరోరోజు. మొండికేస్తే డాక్టరు సాలిసిలిక్ ఆసిడ్ కలిసిన మందు రాస్తారు; పిల్లలకు దాన్ని సొంతంగా వాడొద్దు.

నూనె పొలుసును వదులు చేస్తుందే తప్ప జబ్బును తగ్గించదు. వెంట్రుకలు తెగిపోతున్నా, చీము పట్టినా, మెడలో బిళ్లలు కట్టినా ఆలస్యం చేయకుండా ఫంగస్ పరీక్ష చేయించాలి. ఫంగస్ అని తేలితే పైపూత చాలదు, నోటిమాత్రలు కావాలి. ఊడిన జుట్టు సాధారణంగా మళ్లీ వస్తుంది. మచ్చ పడ్డ చోట మాత్రం రాదు.