పొల్లును నిలబెట్టే కనబడని గుర్తు

రోజూ వాడే ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట కంప్యూటర్ తెర మీద నాలుగు రకాలుగా కనిపించగలదు: సాఫ్ట్వేర్, సాఫ్‌ట్వేర్, సాఫ్ట్‌వేర్, సాఫ్‌ట్‌వేర్. నాలుగింటిలోనూ అక్షరాలు అవే, వాటి వరుసా అదే. మొదటి రూపంలో ‘ఫ’ కింద ట వత్తు, వ వత్తు రెండూ చేరతాయి. ‘వే’కు చెందిన ఏత్వం వెళ్లి ‘ఫ’ నెత్తిన కూర్చుంటుంది. తెలుగు చదవడం బాగా వచ్చినవాళ్లు కూడా అక్కడ ఒక్క క్షణం ఆగి కూడబలుక్కోవాలి. మూడో రూపంలో ‘ఫ’ మీద పొల్లు, కింద ట వత్తు ఉంటాయి, ఆ తర్వాత ‘వే’ విడిగా, నిండుగా వస్తుంది. పత్రికల్లోనూ పుస్తకాల్లోనూ మనకు అలవాటైన రూపం ఇదే.

ఈ తేడా తెచ్చేది కంటికి కనబడని ఒక గుర్తు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే వెడల్పు లేకుండా ఉండి, రెండు అక్షరాలను కలవనివ్వని గుర్తు. యూనికోడ్‌లో దాని సంఖ్య `U+200C`. దీనికి జోడీగా జీరో విడ్త్ జాయినర్ అని మరొకటి ఉంది. దాని సంఖ్య `U+200D`. తెలుగులో మొదటిదానికి చేతినిండా పని ఉంది. రెండోదానికి ఉన్న పని ఒక్కటే, కానీ అది మన పాత పుస్తకాలకు చాలా కావలసిన పని.

వత్తు ఎలా పుడుతుంది

యూనికోడ్‌లో వత్తులకు విడిగా సంఖ్యలు లేవు. ‘అమ్మ’ అని రాస్తే కంప్యూటర్ దాచుకునేది అ, మ, పొల్లు, మ అనే నాలుగింటిని. ఒక హల్లు, దాని వెంట పొల్లు, ఆ వెంటనే మరో హల్లు వస్తే, రెండో హల్లును వత్తుగా మార్చి మొదటిదాని కింద పెట్టాలి, పొల్లును చూపకూడదు. ఇది తెర మీద అక్షరాలను కూర్చే ప్రోగ్రామ్, ఫాంటు కలిసి పాటించే నియమం. రెండో హల్లుకు గుణింతపు గుర్తు ఉంటే అదీ మొదటి హల్లు మీదికే వెళుతుంది. ‘అన్నీ’ అన్నప్పుడు గుడిదీర్ఘం పై ‘న’ మీదే ఉంటుంది కదా, అదే పద్ధతి.

తెలుగు మాటలకు ఈ నియమం చక్కగా సరిపోతుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మాట మధ్యలో పొల్లు అలాగే నిలబడాల్సిన సందర్భం అరుదు. చిక్కంతా హల్లుతో ముగిసే పేర్లతో, బయటినుంచి వచ్చిన మాటలతో వస్తుంది. ‘హైదరాబాద్’కు ‘లో’ చేర్చామనుకోండి. కంప్యూటర్‌కు అది విభక్తి అని తెలియదు. దానికి కనిపించేది ద, పొల్లు, ల. అంతే, ‘ల’ను వత్తు చేసి ‘ద’ కింద పెడుతుంది, ఓత్వాన్ని ‘ద’ మీద ఎక్కిస్తుంది. పొల్లు తర్వాత మన గుర్తును ఉంచితే ఆ కలయిక ఆగుతుంది.

```
హైదరాబాద్లో     0C26 0C4D 0C32 0C4B
హైదరాబాద్‌లో     0C26 0C4D 200C 0C32 0C4B
```

పై వరుసల్లో ఉన్నవి ‘ద’ నుంచి చివరి వరకు ఉన్న సంఖ్యలు. `0C26` ద, `0C4D` పొల్లు, `0C32` ల, `0C4B` ఓత్వం. రెండో వరుసలో అదనంగా చేరింది `200C` ఒక్కటే.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

గుర్తు పొల్లు తర్వాతే రావాలి, దాని తర్వాత హల్లు ఉండాలి. రాసేవాళ్లకు నేను చెప్పే కొలమానం ఇది: మాటలో అతుకు ఎక్కడ ఉందో చూడండి. సాఫ్ట్, వేర్. రాజ్, కుమార్. ఫేస్, బుక్. రమేష్, ది. అతుకు దగ్గర పొల్లు ఉంటే అక్కడ గుర్తు పెట్టాలి. అతుకు లేని చోట వత్తును రానివ్వాలి. ‘డాక్టర్’, ‘అక్టోబర్’ బయటి మాటలే అయినా వాటిలో ట వత్తు మన కంటికి ఎప్పుడో అలవాటైపోయింది. వాటిని ‘డాక్‌టర్’, ‘అక్‌టోబర్’ అని విడగొడితే చదవడం తేలిక కాదు, పైగా కష్టమవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో గుర్తు ‘ట’ తర్వాతే ఎందుకో, ‘ఫ’ తర్వాత ఎందుకు అక్కర్లేదో ఈ లెక్కన తేలిపోతుంది.

మాట చివర ఈ గుర్తుతో పనే లేదు. ‘కుమార్’ తర్వాత ఖాళీ గానీ కామా గానీ ఉంటే, కలవడానికి హల్లే లేదు కాబట్టి పొల్లు తనంతట తనే నిలబడుతుంది. అయినా ఇంటర్నెట్‌లోని తెలుగు రాతల్లో మాట చివర ఈ గుర్తు పెట్టి ఉండడం తరచుగా కనిపిస్తుంది. చూడడానికి తేడా ఉండదు. దానివల్ల వచ్చే నష్టం వెతికేటప్పుడు బయటపడుతుంది.

ఇంకో పొరపాటు, దీనికి బదులు జీరో విడ్త్ స్పేస్ (`U+200B`) పెట్టడం. తెర మీద అప్పుడూ పొల్లు విడిగానే కనిపిస్తుంది. కానీ అది నిజానికి వెడల్పు లేని ఖాళీ. వరుస చివర చోటు చాలకపోతే ‘హైదరాబాద్’ ఒక వరుసలో, ‘లో’ కింది వరుసలో పడవచ్చు. నాన్ జాయినర్ అలా విరగనివ్వదు.

టైపు చేయడం కష్టం కాదు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పొల్లు తర్వాత `200C` అని కొట్టి వెంటనే `Alt+X` నొక్కితే ఆ అంకెలు పోయి గుర్తు చేరుతుంది. లినక్స్‌లో చాలా చోట్ల `Ctrl+Shift+U` నొక్కి `200c` కొట్టి ఎంటర్ నొక్కాలి. వెబ్ పేజీ రాసేవాళ్లు `‌` వాడవచ్చు. గుర్తు ఉందో లేదో తెలుసుకోవడానికీ ఒక దారి ఉంది. దాని తర్వాతి అక్షరాన్ని బ్యాక్‌స్పేస్‌తో చెరిపి, మళ్లీ ఒకసారి బ్యాక్‌స్పేస్ నొక్కండి. తెర మీద ఏమీ మారకపోతే పోయింది ఆ కనబడని గుర్తే. ఇప్పుడు అదే అక్షరం మళ్లీ కొడితే వత్తుగా మారిపోతుంది.

జాయినర్ చేసే ఒక్క పని

హిందీ రాసే దేవనాగరిలో సంయుక్తాక్షరం కట్టే తీరు వేరు. అక్కడ సాధారణంగా మొదటి హల్లు సగమై, రెండోది నిండుగా ఉంటుంది. ఆ సగం రూపాన్ని కావాలని రప్పించడానికి అక్కడ జాయినర్ వాడతారు. తెలుగులో మొదటి హల్లు నిండుగానే ఉండి రెండోది వత్తు అవుతుంది కాబట్టి, రప్పించడానికి సగం రూపమే లేదు. హిందీ చూసి తెలుగులో ‘క్’ తర్వాతో ‘స్’ తర్వాతో జాయినర్ పెడితే ప్రయోజనం ఉండదు. ఏ రూపం వస్తుందన్నది ఆ ప్రోగ్రామ్‌ను బట్టి, ఫాంటును బట్టి ఉంటుంది. పొల్లు నిలవాలంటే నాన్ జాయినరే పెట్టాలి.

ఒక్క ‘ర’ దగ్గర మాత్రం సంగతి వేరు. పాత తెలుగు ముద్రణలో ‘ధర్మం’, ‘కార్యం’ లాంటి మాటల్లో ‘ర’ ముందు నిండుగా ఉండేది కాదు. తర్వాతి హల్లు నిండుగా ఉండి, దాని కుడి పక్కన రకారాన్ని సూచించే గిలక ఉండేది. దీనినే వలపలగిలక అంటారు. నేటి తెలుగులో అది పోయింది, కన్నడంలో అలాంటి గుర్తు ఇప్పటికీ రోజువారీ రాతలో ఉంది. పాత పుస్తకాన్ని ఉన్నదున్నట్టు టైపు చేయాలనుకునేవాళ్లకు యూనికోడ్ ప్రమాణం చెప్పిన దారి: ర, పొల్లు, జాయినర్, ఆపైన హల్లు.

```
ధర్మం     0C27 0C30 0C4D 0C2E 0C02
ధర్‍మం     0C27 0C30 0C4D 200D 0C2E 0C02
```

రెండో వరుసలో గిలక కనిపించాలంటే ఫాంటులో ఆ రూపాన్ని గీసి, ఈ వరుసకు ముడిపెట్టి ఉండాలి. లేకపోతే పొల్లుతో ‘ర్’, పక్కన ‘మ’ కనిపిస్తాయి. అంటే తప్పు టైపు చేశామని కాదు, ఆ ఫాంటులో గిలక లేదని. పాఠం సరిగ్గానే దాచి ఉంది. గిలక ఉన్న ఫాంటు పెట్టగానే అదే పాఠంలో గిలక కనిపిస్తుంది.

చోటు తప్పితే

ఈ గుర్తులు ఉండకూడని చోట ఉంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. నిజానికి మనం ‘జ్ఞానం’ అని రాసేటప్పుడు వచ్చే వరుస దానికి కారణం కాదు. ఆ సందేశంలో ‘ఞ’కూ దీర్ఘానికీ మధ్య ఒక నాన్ జాయినర్ ఉంది.

```
0C1C 0C4D 0C1E 200C 0C3E
```

హల్లుకూ దాని గుణింతపు గుర్తుకూ మధ్య ఈ గుర్తుకు మామూలు రాతలో పని లేదు. అక్షరాలను తెర మీద కూర్చే ప్రోగ్రామ్ ఈ వరుస దగ్గర తట్టుకోలేక కూలిపోయింది. యాపిల్ అదే నెలలో 11.2.6 వెర్షన్‌తో దాన్ని సరిచేసింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరుసలకు అదే జరిగింది. తప్పు ప్రోగ్రామ్‌దే, తెలుగుది కాదు. కాకపోతే పొల్లు తర్వాత తప్ప ఇంకెక్కడా నాన్ జాయినర్ పెట్టకూడదనే నియమాన్ని ఈ సంఘటన బాగా గుర్తుచేస్తుంది.

వెతికితే దొరకని మాటలు

కంటికి కనబడకపోయినా కంప్యూటర్ లెక్కలో ఇది ఒక అక్షరమే. రెండు పేర్లను ఉన్నవి ఉన్నట్టుగా పోల్చే ప్రోగ్రామ్‌కు గుర్తు ఉన్న పేరు వేరు, లేని పేరు వేరు. పైథాన్‌లో చూస్తే సంగతి స్పష్టమవుతుంది.

```
a = "రాజ్\u200cకుమార్"
b = "రాజ్కుమార్"
print(len(a), len(b))   # 11 10
print(a == b)           # False
```

ఒక ఊరి ఓటర్ల జాబితానో, బడి పిల్లల పట్టికనో ముగ్గురు కలిసి టైపు చేశారనుకుందాం. ఒకరు గుర్తు పెట్టారు, ఒకరు పెట్టలేదు, మూడోవారి కీబోర్డు మాట చివర కూడా చేర్చింది. ఒకే రాజ్‌కుమార్ మూడు పేర్లుగా నమోదవుతాడు. వెతికితే ఒకచోట దొరికి, మరోచోట దొరకడు. చివర చేరిన గుర్తు విషయంలో ఇది మరీ ఇబ్బంది, ఎందుకంటే రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూసినా తేడా తెలియదు.

ఇలాంటి గొడవ చూసి కొందరు ప్రోగ్రామర్లు కనబడని గుర్తులన్నిటినీ పాఠంలోంచి తుడిచేస్తారు. అప్పుడు ‘హైదరాబాద్‌లో’ మళ్లీ ‘హైదరాబాద్లో’ అవుతుంది, పాత పుస్తకంలో గిలక పోతుంది. సరైన పద్ధతి పాఠాన్ని రాసినవాళ్లు రాసినట్టే దాచడం, పోల్చేటప్పుడూ వెతికేటప్పుడూ మాత్రం రెండు వైపులా ఈ గుర్తులను లెక్కలోంచి తీసేసి చూడడం. దాచేముందు తుడవదగ్గది ఒక్కటే, మాట చివర పని లేకుండా మిగిలిపోయిన నాన్ జాయినర్. అది తీసినా ఏ తెలుగు మాట రూపమూ మారదు.