ఒకరి స్థలంలో మరొకరి ఇల్లు: అసలు యజమాని ఏం చేయాలి?

ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లపు చేలను మెరక చేసి లేఅవుట్లు వేస్తున్నారు. లారీల మట్టి పోసినప్పుడు పాత సర్వే రాళ్లు అడుగున పడిపోతాయి. కొల్లేరు వైపున నాలుగైదు కమతాలు కలిపి ఒక చేపల చెరువు తవ్వితే మధ్య గట్లు మాయమవుతాయి. ప్లాటు కొన్న చాలామంది గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో ఉంటారు. అలాంటి చోట బిల్డర్ పొరపాటున పక్క ప్లాటులో పునాది తీస్తే, అసలు యజమానికి తెలిసేసరికి స్లాబు పడి ఉంటుంది.

పొరపాటు ఎలా జరుగుతుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. తాడేపల్లిగూడెం శివారు లేఅవుట్‌లో ఒకాయనకు 41వ నంబరు ప్లాటు ఉంది. వెడల్పు 30 అడుగులు, లోతు 60 అడుగులు, అంటే 200 గజాలు. ఆయన కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పక్కనున్న 42వ ప్లాటు కొన్నవారు ఇల్లు కట్టమని బిల్డర్‌కు అప్పగించారు. ప్లాను ప్రకారం ఆ వరుసలో రోడ్డు పక్కన మొదటి 30 అడుగులు ఖాళీ స్థలంగా వదిలారు, ఆ తరువాత 38వ ప్లాటు మొదలవుతుంది. బిల్డర్ మనుషులు ప్లాను చూడకుండా రోడ్డు దగ్గర నుంచే 38, 39 అని లెక్కపెట్టుకుంటూ వెళ్లారు. వారు 42 అనుకుని ముగ్గు పోసింది నిజానికి 41లో.

ఇలాంటిది మన దగ్గరే జరుగుతుందని అనుకోనక్కరలేదు. అమెరికాలోని హవాయి దీవుల్లో ఒక కంపెనీ సర్వే చేయించకుండా కరెంటు స్తంభాలను గుర్తుగా పెట్టుకుని పక్క స్థలంలో ఇల్లు కట్టేసింది. పైగా స్థలం యజమానురాలికి ఉచితంగా లాభం దక్కిందంటూ ఆమె మీదే దావా వేసింది. 2024 జూన్‌లో అక్కడి కోర్టు ఆ ఇంటిని తొలగించాలని ఆదేశించింది.

కొలత మొదటి పని

యజమాని కోపంతో వెళ్లి గోడ పడగొట్టకూడదు. కేసు ఆయన మీదకే తిరుగుతుంది. ముందు దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ, ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను దగ్గర పెట్టుకోవాలి. తరువాత సర్వే కొలతకు దరఖాస్తు చేయాలి. దీన్ని ఎఫ్-లైన్ పిటిషన్ అంటారు, మీసేవలో పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రభుత్వ సర్వే పటంలో సర్వే నంబరు, దాని సబ్ డివిజన్ హద్దులే ఉంటాయి, మన ప్లాటు నంబరు ఉండదు. కాబట్టి ముందు సర్వే నంబరు హద్దు తేల్చి, ఆ హద్దు నుంచి లేఅవుట్ ప్లాను కొలతలు వేసుకుంటూ మన ప్లాటుకు రావాలి. పక్కవారి ప్రహరీ నుంచి కొలవడం ప్రమాదం. ఒక్కో ఇంటివారు ఒక్క అడుగు జరిగినా, 30 అడుగుల ప్లాట్లు ముప్ఫై దాటేసరికి ఒక పూర్తి ప్లాటు తేడా వస్తుంది.

కొలత జరిగేలోగా తేదీలతో ఫొటోలు తీసి, వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. బిల్డర్‌కు, 42వ ప్లాటు యజమానికి, అనుమతి ఇచ్చిన పురపాలక కమిషనర్‌కు కూడా పంపాలి. అనుమతి 42వ ప్లాటుకు కనుక 41లో కట్టడం అనుమతి లేని కట్టడమే.

ఈ నోటీసు ఎందుకంత ముఖ్యం? ఎదుటివాడు పొరపాటున కడుతున్నాడని తెలిసీ నోరు మెదపని యజమాని, కట్టడం పూర్తయ్యాక వచ్చి తీసేయమంటే కోర్టు అంత తేలికగా ఒప్పుకోదు. ఇంగ్లండులో 1866లో వచ్చిన రామ్స్‌డెన్ వర్సెస్ డైసన్ తీర్పులో ఈ సూత్రం కనిపిస్తుంది, మన కోర్టులూ దీన్ని పాటిస్తాయి. తెలిసిన వెంటనే అభ్యంతరం చెప్పినవారికి ఈ చిక్కు ఉండదు.

ఏ దావా వేయాలి?

పునాది గోతులే తవ్వుతూ, స్థలం ఇంకా మన స్వాధీనంలోనే ఉంటే శాశ్వత ఇంజంక్షన్ దావా వేసి, వెంటనే తాత్కాలిక ఇంజంక్షన్ కోరాలి. కమిషనర్‌ను నియమించి సర్వేయర్ సాయంతో కొలిపించమని కూడా అడగవచ్చు. ఆ నివేదికే తరువాత కేసుకు వెన్నెముక అవుతుంది.

ఇల్లు లేచిపోయి, ఎదుటివారు అది తమ స్థలమేనని వాదిస్తుంటే ఒట్టి ఇంజంక్షన్ చాలదు. వరంగల్ మట్టెవాడలోని ఖాళీ స్థలాల మీద 1978లో మొదలైన దావా దీనికి ఉదాహరణ. ఇరుపక్షాలకూ రిజిస్టర్డ్ దస్తావేజులున్నాయి. వాదులు మాత్రం హక్కు ప్రకటన కోరకుండా ఇంజంక్షన్ మాత్రమే అడిగారు. 2008లో అనతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి తీర్పులో సుప్రీంకోర్టు ఆ దావా నిలవదని చెప్పింది. ముప్ఫై ఏళ్ల తరువాత మళ్లీ మొదటికి వచ్చింది. అందుచేత మన ఉదాహరణలో ఇల్లు పూర్తయి ఉంటే హక్కు ప్రకటన, స్వాధీనం, కట్టడం తొలగింపు, వాడుకున్న కాలానికి నష్టపరిహారం నాలుగూ ఒకే దావాలో కోరాలి. హక్కు ఆధారంగా స్వాధీనం కోరడానికి గడువు 12 ఏళ్లు. అయితే తొలగింపు ఆదేశం కోర్టు విచక్షణ మీద ఆధారపడుతుంది, ఆలస్యమైతే అది దక్కకపోవచ్చు.

కట్టినవాడికి ఏం దక్కుతుంది?

భూమికి అతుక్కున్నదంతా భూమి యజమానిదే అన్న ఇంగ్లీషు సూత్రం మన దేశంలో పూర్తిగా చెల్లదు. 1866లోనే కలకత్తా హైకోర్టు పూర్తి ధర్మాసనం ఈ సంగతి చెప్పింది. తనదేనన్న నిజాయితీ నమ్మకంతో కట్టినవాడు సామాను తీసుకుని స్థలాన్ని మునుపటిలా అప్పగించవచ్చు, లేదా కట్టడం విలువ పొందవచ్చు. ఆ రెండింటిలో ఏది అన్నది తేల్చే హక్కు మాత్రం స్థలం యజమానిదే. ఆస్తి బదిలీ చట్టం 51వ సెక్షన్ కూడా నిజాయితీగా మెరుగుపరచినవారికి రక్షణ ఇస్తుంది, కానీ అది ఆ ఆస్తినే కొన్నవారికి. 42వ ప్లాటు దస్తావేజు పట్టుకుని 41లో కట్టినవారికి దాన్ని చూపడం కష్టం. నోటీసు అందాక కూడా పని ఆపకపోతే ఇక నిజాయితీ అన్న మాటే నిలవదు.

రాజీ కుదిరితే

ఇలాంటి తగాదాలు చాలావరకు రాజీతో ముగియవచ్చు. యజమాని విలువ కట్టి ఇల్లు తీసుకోవచ్చు, మార్కెట్ ధరకు స్థలం అమ్మవచ్చు, లేదా రెండూ ఒకే కొలత గనుక 41, 42 ప్లాట్లు మార్చుకోవచ్చు. మార్పిడికి నోటిమాటో స్టాంపు కాగితం మీద ఒప్పందమో చాలదు. మార్పిడి దస్తావేజు రిజిస్టరు కావాలి. దానికి ముందు 42వ ప్లాటు మీద బ్యాంకు తాకట్టు ఉందేమో చూడాలి. ఇంటి రుణం ఆ నంబరు మీదే తీసుకుని ఉంటే బ్యాంకు ఒప్పుకోనిదే మార్పిడి కుదరదు.

రాజీని లోక్ అదాలత్‌లో నమోదు చేయిస్తే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. దావా వేయకముందే ఏలూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. విదేశంలో ఉన్నవారు భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన జీపీఏను ఇంటివారికి పంపితే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. అందులో దావా వేసే అధికారం, రాజీపడే అధికారం విడివిడిగా రాయించుకోవాలి. స్థలం అమ్మే అధికారం అవసరం లేకపోతే ఆ మాట అందులో ఉండకూడదు.