కిస్తీ ఒకరిది, దస్తావేజు ఇంకొకరిది

ఫ్లాట్ భార్య పేరున రిజిస్టరైంది. ఈఎంఐ నెలనెలా భర్త జీతం ఖాతాలోంచి పోతోంది. కాపురం సాగినన్నాళ్లూ ఆ ఇల్లు ఎవరిదని ఎవరూ అడగరు. విడాకుల దాకా వచ్చిన రోజు మాత్రం ఇద్దరి నోటా చెరో మాట వస్తుంది. "పదేళ్లు కట్టింది నేను" అంటాడాయన. "కాగితం నా పేరున ఉంది" అంటుందావిడ. రెండూ నిజాలే. చిక్కేమిటంటే, విడాకులిచ్చే చట్టంలో ఈ రెండింటినీ కలిపి తేల్చే సెక్షనే లేదు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో పెళ్లయ్యాక సంపాదనతో కొన్నదాన్ని మామూలుగా ఇద్దరి ఉమ్మడి ఆస్తిగానే చూస్తారు, అది ఎవరి పేరున ఉన్నా సరే. మన దేశంలో దాదాపు ఎక్కడా అలాంటి ఏర్పాటు లేదు. పెళ్లి అయినంత మాత్రాన ఒకరి ఆస్తిలో ఇంకొకరికి వాటా రాదు. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ ఆస్తుల గురించి చెబుతుంది కానీ, అది పెళ్లి సందర్భంగా వచ్చి ఇద్దరికీ చెందిన కానుకలకు సంబంధించినది. పెళ్లయిన అయిదారేళ్లకు లోన్ పెట్టి కొన్న ఫ్లాట్ సాధారణంగా దాని కిందికి రాదు. కాబట్టి విడాకుల డిక్రీ చేతికొచ్చినా ఇల్లు ఎక్కడిదక్కడే ఉంటుంది, ఎవరి పేరుందో వాళ్లదిగానే.

మరి కట్టినవారికి దారే లేదా? ఉంది, కానీ అది వేరే దారి. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లోని 7వ సెక్షన్ ప్రకారం భార్యాభర్తల ఆస్తి తగాదాలు కూడా ఆ కోర్టే వినవచ్చు. విడాకులయ్యాక వేసిన దావాలకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2003లో చెప్పింది. అంటే విడాకుల పిటిషన్ ఒకటి, ఇంటి మీద హక్కు ప్రకటించమనే దావా మరొకటి. ఈ రెండోది వేయకుండా, మొదటిదానిలోనే అన్నీ తేలిపోతాయనుకుని కూర్చునేవాళ్లు చాలామంది. హక్కు ప్రకటన దావాకు మూడేళ్ల గడువుంది. "నీకు ఇందులో హక్కు లేదు" అని అవతలివారు స్పష్టంగా కాదన్నప్పటి నుంచి ఆ లెక్క మొదలవుతుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. విడాకుల కేసు నడుస్తున్నంత మాత్రాన ఆ ఇంటిని అమ్మకుండా ఎవరూ ఆపలేరు. దస్తావేజులో పేరున్నవారు లోన్ తీర్చేసి, లేదా కొనేవారి చేతే తీర్పించి, మూడోవారికి రిజిస్టర్ చేసేయవచ్చు. ఆ ఇంటి హక్కే నేరుగా తగాదాలో ఉన్న దావా పెండింగ్‌లో ఉంటేనే కొన్నవారు ఆ తీర్పుకు కట్టుబడాల్సి వస్తుంది. అందుకే దావాతోపాటు ఇంజంక్షన్ కూడా అడుగుతారు, మధ్యమధ్యలో ఈసీ తీసి చూసుకుంటారు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అంటే బేనామీ కాదా? బేనామీ చట్టానికి 2016లో చేసిన సవరణ ఆ ఏడాది నవంబర్ 1 నుంచి అమల్లోకొచ్చింది. తెలిసిన ఆదాయంతో భార్య పేరున గానీ భర్త పేరున గానీ పిల్లల పేరున గానీ కొంటే అది బేనామీ కాదని ఆ చట్టం చెబుతోంది. కట్టినవారికి దీనివల్ల కోర్టు గడప తొక్కే అవకాశమైతే దొరికింది. భార్య పేరున కొన్న ఇళ్లు తనవని దావా వేసిన ఒక భర్తను కింది కోర్టు బేనామీ పేరుతో మొదట్లోనే వెనక్కి పంపితే, ఢిల్లీ హైకోర్టు 2018లో దాన్ని తప్పుపట్టి కేసును విచారణకు పంపింది. అంతమాత్రాన ఆయన గెలిచినట్టు కాదు. సాక్ష్యం చూపి నిరూపించుకొనే అవకాశం మాత్రమే ఆయనకు దక్కింది.

"తెలిసిన ఆదాయం" అన్న మాట దగ్గర చాలామంది జారిపడతారు. అరవై లక్షల ఫ్లాట్‌ను నలభై అయిదుకు రిజిస్టర్ చేయించి, మిగతా పదిహేను నగదుగా ఇచ్చినవారు ఆ పదిహేను గురించి కోర్టులో ఏం చెబుతారు? కాగితం మీద ఆ డబ్బు లేనేలేదు. ఉందని చెబితే లెక్క చెప్పని డబ్బని తామే ఒప్పుకున్నట్టు.

విచారణలో న్యాయమూర్తి కేవలం బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి తేల్చరు. కొన్న డబ్బు ఎక్కడిది, కొన్నాక అనుభవంలో ఎవరున్నారు, ఇంకొకరి పేరున ఎందుకు కొన్నారు, ఇద్దరి మధ్య సంబంధం ఏమిటి, అసలు దస్తావేజులు ఎవరి దగ్గరున్నాయి, ఆ తర్వాత ఆ ఆస్తి విషయంలో ఎవరెలా నడుచుకున్నారు అని చూడాలని సుప్రీంకోర్టు 2004లో ఒక తీర్పులో ఏకరువు పెట్టింది. డబ్బిచ్చిన మాట ఒక్కటే చాలదని 2019లో మళ్లీ చెప్పింది. దస్తావేజులో ఉన్న పేరు నిజమైన యజమానిదేనన్న ఊహతో కోర్టు మొదలుపెడుతుంది. కాదనేవారే నిరూపించాలి.

వీటిలో బరువైనది "ఎందుకు" అన్న ప్రశ్నే. భార్యకు ఒక భరోసాగా ఉండాలనే ఆమె పేరున కొన్నాడని తేలితే, అది ఆమెకిచ్చినట్టే. కిస్తీలన్నీ ఆయనే కట్టినా ఇల్లు ఆమెదే అవుతుంది. వ్యాపారంలో అప్పులున్నాయి కాబట్టి పేరుకు మాత్రమే ఆమె పేరున పెట్టానంటే, ఆ మాటకు ఆనాటి ఆధారం ఉండాలి. విడాకుల నోటీసు వచ్చాక గుర్తొచ్చిన ఉద్దేశాలను కోర్టు అంత తేలిగ్గా నమ్మదు. ఇంటి పన్ను రసీదులు, అద్దె ఎవరి ఖాతాలో పడింది, ఆదాయపు పన్ను రిటర్నుల్లో ఇంటిని ఎవరు తమదిగా చూపించారు, ఇలాంటివే చివరికి మాట్లాడతాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఊహించిన కేసే కానీ అంకెలు మన ఊళ్లలో కనిపించేవే. 2015లో హైదరాబాద్ మియాపూర్‌లో ఒక జంట 60 లక్షలకు ఫ్లాట్ కొన్నారు, భార్య పేరున. ఆమె పుట్టింటివాళ్లు 8 లక్షలిచ్చారు, భర్త పొదుపు 4 లక్షలు. మిగతా 48 లక్షలు లోన్, 9 శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. నెలకు దాదాపు 43,200 కిస్తీ భర్త ఖాతాలోంచే. ఇంటి యజమాని ఆమె కాబట్టి బ్యాంకు ఆమెనూ కో-అప్లికెంట్‌గా పెట్టింది. మొదటి మూడేళ్లు ఆమె జీతంతో సరుకులు, కరెంటు బిల్లు, పిల్లాడి ఫీజు నడిచాయి. తర్వాత ఆమె ఉద్యోగం మానేసింది.

పదేళ్లకు విడిపోతున్నారు. ఆయన కట్టిన మొత్తం దాదాపు 52 లక్షలు. కానీ అందులో అసలుకు పోయింది 14 లక్షల లోపే, మిగతా 38 లక్షలు వడ్డీ. బ్యాంకుకు ఇంకా 34 లక్షలు బాకీ ఉంది. "యాభై రెండు లక్షలు పోశాను" అన్న బాధ నిజమే, కానీ ఇంట్లో నిలిచిన ఆయన డబ్బు అంత లేదు. ఆ వడ్డీకి బదులు పదేళ్లు కుటుంబమంతా అద్దె లేకుండా ఆ ఇంట్లో ఉంది.

ఇప్పుడు ఫ్లాట్ ధర కోటీ పది లక్షలనుకుంటే, బాకీ పోను 76 లక్షలు మిగులుతుంది. దస్తావేజే ప్రమాణమంటే ఆ మొత్తం ఆమెదే. పెట్టిన డబ్బు నిష్పత్తిలో పంచితే ఆయన 18 లక్షలకు, ఆమె పుట్టింటి 8 లక్షలకు లెక్కకట్టి ఆయనకు 52 లక్షల చిల్లర, ఆమెకు 23 లక్షల చిల్లర. సగం సగమంటే చెరి 38 లక్షలు. అంటే ఆయనకు వచ్చేది సున్నా కావచ్చు, 52 లక్షలూ కావచ్చు. ఏ సూత్రం వాడాలో చట్టం చెప్పకపోవడం వల్లే మధ్యవర్తిత్వంలో ఇంత పెనుగులాట.

కిస్తీ ఖాతా ఒక్కటే చూసి వేసే లెక్క న్యాయమైనది కాదని నా గట్టి నమ్మకం. ఆమె జీతం వంటింటికి పోయింది కాబట్టే ఆయన జీతం బ్యాంకుకు పోగలిగింది. ఉద్యోగం మానేశాక ఆమె పిల్లాణ్ని చూసుకుంది కాబట్టే ఆయన పని ఆగలేదు. ఈ మాటను 2023లో మద్రాసు హైకోర్టు నేరుగా అంది. భర్త సౌదీలో పనిచేస్తూ పంపిన డబ్బుతో భార్య ఇక్కడ తన పేరున ఆస్తులు కొంది, అవన్నీ తనవేనని ఆయన వాదించాడు. ఇల్లు నడిపిన ఆమె శ్రమ కూడా ఆ కొనుగోలులో భాగమేనని, ఆ ఆస్తుల్లో కొన్నింటిలో ఆమెకు సగం వాటా ఉందని కోర్టు తేల్చింది. నిజామాబాద్, జగిత్యాల, కడప నుంచి గల్ఫ్ వెళ్లిన ఎన్నో కుటుంబాల కథ ఇదే. అయితే అది విడాకుల కేసు కాదు. పైగా మన రెండు రాష్ట్రాల కోర్టులకు అది దారి చూపే తీర్పే కానీ కట్టుబడాల్సినది కాదు.

ఈలోగా కోపంతో కిస్తీ ఆపేయడం అందరికన్నా ఆపేసినవారికే ఎక్కువ నష్టం. భార్యాభర్తల తగాదాతో బ్యాంకుకు పనిలేదు. సంతకం చేసిన ఇద్దరి నుంచీ మొత్తం బాకీ అడిగే హక్కు దానికుంది. 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఆ తర్వాత 60 రోజుల నోటీసు, చివరికి వేలం. వేలంలో పలికే ధరకు 76 లక్షలు మిగలవు. ఇద్దరి సిబిల్ స్కోరూ పాడవుతుంది. కిస్తీ కడుతూనే, "నా హక్కులను వదులుకోకుండా కడుతున్నాను" అని లాయరు ద్వారా రాతపూర్వకంగా తెలియజేయడం మేలు. ఇల్లు వదిలి వెళ్లమని భార్యను ఒత్తిడి చేయడం కూడా పనికిరాదు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కును గృహహింస నిరోధక చట్టం 2005 ఆమెకిచ్చింది.

పైన చెప్పిన జంట లాంటివాళ్లలో చాలామంది చివరికి పరస్పర అంగీకారానికే వస్తారు. అక్కడ ఇల్లూ భరణమూ ఒకే బేరంలో కలుస్తాయి. ఆయన తన వాటాలో కొంత వదులుకుంటే అది భరణం కింద జమ. ఫ్లాట్ ఆమే ఉంచుకోవాలంటే 34 లక్షల బాకీ ఆమె ఒక్కదాని పేరుకు మారాలి. కొత్తగా చేరిన ఉద్యోగంలో 45 వేల జీతమైతే ఏ బ్యాంకూ ఒప్పుకోదు. అప్పుడు మిగిలేవి రెండు దారులు. ఇల్లు అమ్మి, బాకీ, మూలధన లాభం పన్ను తీసేశాక పంచుకోవడం. లేదంటే ఆయన ఆమెకు రొక్కమిచ్చి ఇంటిని తన పేరున రాయించుకోవడం.

రెండో దారిలో వరుస తప్పితే లక్షలు పోతాయి. భార్యాభర్తలుగా ఉండగా రాసే గిఫ్ట్ సెటిల్‌మెంట్ దస్తావేజుకు స్టాంపు డ్యూటీ సేల్ డీడ్ కన్నా బాగా తక్కువ. పైగా పన్ను చట్టం దృష్టిలో జీవిత భాగస్వామి బంధువు, మాజీ భాగస్వామి కాదు. డిక్రీ వచ్చాక రాస్తే ఈ వెసులుబాట్లు ఉండకపోవచ్చు. మరీ ముందుగా రాసిచ్చేస్తే, రెండో మోషన్ రోజు అవతలివారు అంగీకారం వెనక్కి తీసుకున్నా ఇల్లు చేజారిపోయి ఉంటుంది. అందుకే అనుభవమున్న లాయర్లు మొదటి మోషన్ నాడు సగం డబ్బు, మిగతా సగం డీడీ రూపంలో రెండో మోషన్ నాటికి అని ఒప్పందంలో రాస్తారు, రిజిస్ట్రేషన్‌ను ఆ రెండో తేదీకి ముందు రోజో అదే ఉదయమో పెట్టిస్తారు. అసలు దస్తావేజులు బ్యాంకు దగ్గర తనఖాలో ఉంటాయి కాబట్టి బ్యాంకు నుంచి ఎన్ఓసీ అంతకు ముందే చేతిలో ఉండాలి. లోన్‌లోంచి ఆమె పేరు తొలగించినట్టు విడిగా ఇంకో ఉత్తరం కూడా తీసుకోవాలి. అది లేకపోతే ఆయన కిస్తీ తప్పిన ప్రతిసారీ బ్యాంకు ఫోన్ ఆమెకే వస్తుంది.