పక్కకు తిరిగిన ముఖానికి కొత్త ముడి

ముఖం కాస్త పక్కకు తిరిగిన ఫొటోలో, భుజం మీద పడిన వదులు జుట్టును ఫొటోషాప్‌లో తీసేసి ముడిగా మార్చాలంటే, మొదటి చిక్కు జుట్టు దాచిన చెవితో వస్తుంది. తల నిటారుగా ఉంటే చెవి పైఅంచు సుమారుగా కనుబొమ్మ ఎత్తులో, తమ్మె ముక్కు అడుగు ఎత్తులో ఉంటాయి. తల పైకెత్తినా దించినా ఈ లెక్క మారుతుంది. ఎదురుగా తీసిన ఫొటోలోని చెవి ఇక్కడ అతకదు. అదే కోణంలో, అదే వైపు వెలుగులో తీసిన చెవి కావాలి.

తర్వాత మెడ. జుట్టు పోయినా దాని నీడ మెడమీద మిగిలితే గుట్టు రట్టయినట్టే. ఆ నీడను చెరిపి, దవడ కింద పడే నీడను మాత్రం ఉంచాలి. మెడ భుజాల నుంచి పైకి పోతూ కొద్దిగా ముందుకు వాలుతుంది. నిటారుగా గీస్తే కొయ్యబొమ్మ మెడలా ఉంటుంది.

ఎక్కువమంది తప్పేది తల లోతు దగ్గర. పక్క నుంచి చూస్తే నుదుటి నుంచి తల వెనక దాకా ఉన్న కొలత తల ఎత్తుకు కాస్తే తక్కువ. దాన్ని కుదిస్తే ముడి చెవికే అంటుకున్నట్టు కనిపిస్తుంది. అందుకే ముందు పుర్రె గుండ్రాన్ని వేరే లేయర్‌లో లేతగా గీసుకొని, దానిపైన జుట్టు మందం కలిపి, ఆ తర్వాతే ముడి పెట్టాలి.